రోజూ క్వార్టర్ తాగే నాయినకు రెండుసార్లు నిమోనియా.. మందుకు, ఊపిరితిత్తులకు సంబంధం ఉంటదా?

ప్రశ్న: సార్, మా నాయినకు 51 ఏండ్లు. మిర్చి యార్డుల హమాలీ పని. రోజూ పని అయినంక ఒక క్వార్టర్ తాగుతడు, గొడవ గిట్ల చెయ్యడు, తిని పడుకుంటడు. పది నెలలల్ల రెండుసార్లు నిమోనియా వచ్చింది, రెండుసార్లూ కుడి ఊపిరితిత్తి కింద భాగంలనే అన్నరు. నాయినేమో సలిగాలికి, మిర్చి ఘాటుకు వచ్చిందంటడు, తాగితే లివర్ ఖరాబైతది గని ఊపిరితిత్తులకేం సంబంధం అంటడు. నిజంగ సంబంధం ఉంటదా? మందు ఒక్కసారే బంద్ చేపియ్యాల్నా? (ఒక కూతురు, నర్సంపేట)

డాక్టర్ సలహా: సంబంధం ఉందమ్మా, మస్తు దగ్గరి సంబంధం. రెండుసార్లూ కుడివైపు కిందనే అని రాసినవు చూడు, ఆ ఒక్క మాటతోనే నాకు సగం కథ అర్థమైంది.

నిద్రలో మనందరికీ నోట్లో ఊరే లాలాజలం కొంచెం కొంచెం గాలిగొట్టంలోకి జారుతనే ఉంటది. నీకు, నాకు కూడా. మనకేం కాదు ఎందుకంటే లోపల కాపలా ఉంటది. గొంతులో ఏదన్న పడంగనే దగ్గు వస్తది, గాలిగొట్టం లోపలి గోడల మీద సన్నటి నూగులాంటి వెంట్రుకలు తెమడను పైకి నెట్టుకుంటా పోతయి, అవి కూడా దాటి కిందికి పోయిన బాక్టీరియాను గాలి తిత్తులల్ల ఉండే మాక్రోఫేజ్‌లు అనే కణాలు మింగేస్తయి. వాటితోటి కాకపోతే రక్తంలకెళ్లి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు గుంపులుగా వచ్చి పడతయి. మందు ఈ కాపలా మొత్తాన్ని దెబ్బ తీస్తది, అది కూడా ఒకే రాత్రిల.

ఇప్పుడు మీ నాయిన రాత్రి ఎట్ల గడుస్తదో చూద్దాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, సీసా మీద 42.8 శాతం అని ఉంటది, లెక్క కడితే అందుల అసలు ఆల్కహాల్ 60 గ్రాముల దాకా ఉంటది. లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగిస్తది. అంటే ఎనిమిది గంటలకు తాగి తొమ్మిదిన్నరకు మంచం మీద ఎల్లకిల పడుకుంటే తెల్లారగట్ల మూడు నాలుగింటి దాకా రక్తంల మందు ఉన్నట్టే, నిద్ర మొత్తం మత్తులనే అన్నట్టు. ఆ మత్తుల దగ్గు రావాల్సినప్పుడు రాదు, గొంతు కండరాలు వదులైతయి, కడుపు నిండ తిని వెంటనే పడుకుండు కాబట్టి అన్నం, పులుసు కూడా పైకి తన్నుకొచ్చి గాలిగొట్టంలకు జారొచ్చు. గాలిగొట్టం రెండుగా చీలేకాడ కుడివైపు పాయ వెడల్పుగ, నిటారుగ ఉంటది, అందుకే జారింది ఎక్కువ కుడి ఊపిరితిత్తి కిందికే పోతది. రెండుసార్లూ అక్కడనే రావడానికి నాకు మొదట తట్టే కారణం ఇదే.

జారినంక కూడా అసలు ఇబ్బంది ఉంది. ఏండ్ల తరబడి రోజూ తాగేటోళ్లల్ల ఆ మింగే కణాలకు రక్షణ ఇచ్చే గ్లూటాథయాన్ అనే పదార్థం తగ్గిపోతది, కణాలు ఉంటయి గని మింగే శక్తి ఉండదు. రక్తంలకెళ్లి రావాల్సిన న్యూట్రోఫిల్స్ కూడా ఆలస్యంగ, తక్కువగ వస్తయి. మామూలు మనిషికి రెండు రోజుల దగ్గుతోటి పోయేది వీళ్లకు నిమోనియా అయి కూసుంటది. టీబీ కూడా బాగా తాగేటోళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తది, కారణం ఇదే.

మిర్చి ఘాటు సంగతి, నాయిన చెప్పేది పూర్తిగ తప్పు కాదు. ఆ దుమ్ము గొంతును, గాలిగొట్టాన్ని మండిస్తది, దగ్గు పెడతది, మొకానికి రుమాలు కట్టుకుంటే మంచిదే. గని దుమ్ము ఒక్కటే అయితే ఇట్ల పదే పదే ఒకే దిక్కు నిమోనియా రాదు. బీర్లకు మారుత అంటడేమో, 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కదాంట్ల 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటది, రెండు తాగితే క్వార్టర్‌ను మించిపోయినట్టు.

ఒకసారి టార్చి వేసి నాయిన పండ్లు, చిగుళ్లు చూడమ్మా. తాగి అట్లనే పడుకునేటోళ్లు పండ్లు తోముకోరు, చిగుళ్ల కింద చీము పట్టి ఉంటది, రాత్రి జారే లాలాజలంల ఆ బాక్టీరియానే పోతది. పరకాల దిక్కు నుంచి వచ్చిన ఒకాయన నాకు ఇంకా యాదికుంది, తెమడ డబ్బా మూత తీయంగనే గదంత కుళ్లు వాసన, ఎక్స్‌రేల చూస్తే ఊపిరితిత్తిల చీముగడ్డ, లోపల సగం దాకా నీళ్లు నిండినట్టు అడ్డగీత. ఆరు వారాలు యాంటిబయాటిక్స్ వాడాల్సి వచ్చింది. మీ నాయినకు తెమడ వాసన వచ్చినా, ఇటుక రంగులో గాని రక్తం చారలతోటి గాని పడినా ఆ రోజే చూపియ్యాలె.

ఇంకోటి, జ్వరం లేదు కదా అని కూసోవద్దు. ఒంట్ల పోరాడే శక్తే తక్కువున్నప్పుడు జ్వరం గట్టిగ రాకపోవచ్చు. నాయిన పడుకున్నప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుండో లెక్కపెట్టు. 24 దాటితే హాస్పిటల్‌కు తీస్కపో, 30 దాటితే లేదా ఆక్సీమీటర్‌ల 94 కంటే తగ్గితే లేదా మాటలు తికమకగ మాట్లాడితే ఇక ఊళ్లె సెలైన్ పెట్టించుకుంట ఆగొద్దు, అంబులెన్స్ పిలువు.

మందు బంద్ చేసే ముచ్చటకు వస్తే, ఇక్కడ మాత్రం ఇంట్ల ఒక్కసారే బంద్ చేపియ్యకు. రోజూ తాగే మనిషికి చివరి పెగ్గు అయినంక ఒక రోజుల చేతులు వణుకుతయి, చెమటలు పడతయి, కొందరికి ఫిట్స్ వస్తయి, రెండో మూడో రోజు లేనియి కనపడుతున్నయని అరుస్తరు. నిమోనియాతోటి అడ్మిట్ అయితే అక్కడ మందు దొరకదు కాబట్టి ఇది సరిగ్గ అప్పుడే జరుగుతది, ఇంటోళ్లేమో జ్వరం తలకెక్కింది, గాలి సోకింది అనుకుంటరు. అందుకే అడ్మిట్ చేసే రోజే రోజుకు ఎంత తాగుతడు, చివరిసారి ఎప్పుడు తాగిండు ఉన్నదున్నట్టు చెప్పు, ఇజ్జత్ పోతదని దాచిపెట్టకు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ అంటే బీ1 ఇంజెక్షన్ ఇచ్చిండ్రా అని కూడా అడుగు, తాగేటోళ్ల ఒంట్ల అది ఖాళీ అయి ఉంటది, అది లేకుంట గ్లూకోజ్ పోతే మెదడుకు దెబ్బ తగలొచ్చు.

ఇప్పుడు బాగనే ఉండు కాబట్టి సైకియాట్రీ ఓపీకి తీస్కపో, వరంగల్ ఎంజీఎం దవాఖానల చూపియ్యొచ్చు. వణుకు, ఫిట్స్ రాకుంట కొన్ని రోజులు గోళీలు ఇచ్చి, మోతాదు తగ్గిస్తా ఆపుతరు. రావడానికి ఒప్పుకోకపోతే ముందుగాల 14416 టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు నువ్వే ఫోన్ చేసి మాట్లాడు, తెలుగులనే చెప్తరు. మందు ఆపినంక కాపలా కణాలు వెంటనే కోలుకోవు, వారాలు, కొన్నిసార్లు నెలలు పడతది, ఆ లోపల దగ్గొస్తే ఏం కాదులే అని తీసెయ్యకు. నిమోనియా టీకా, ఏటా వేసే ఫ్లూ టీకా గురించి అడుగు, ఇట్లాంటోళ్లకు అవి తప్పకుండ పనికొస్తయి. మానే దాకైనా తాగిన రాత్రి ఎల్లకిల కాకుండ పక్కకు తిప్పి పడుకోపెట్టు, తలకాడ ఎత్తు పెట్టు.

చివరగా, ఒకే కాడ రెండుసార్లు వచ్చిందంటే మందు ఒక్కదాని మీదనే నెట్టేసి వదిలెయ్యలేం, బీడీలు తాగే అలవాటు కూడా ఉంటే ఇంకా. టీబీకి తెమడ సీబీనాట్ పరీక్ష చేపియ్యాలె, అవసరమైతే సీటీ స్కాన్ తీసి ఆ గొట్టంల గడ్డ ఏదన్న అడ్డం ఉందేమో చూడాలె. నిమోనియా తగ్గిన ఆరు వారాలకు ఎక్స్‌రే తీయించిండ్రో లేదో రాయలేదు నువ్వు, తియ్యకపోతే ఈ వారంల తీయించి, పాత రెండు ఫిల్ములు కూడా కవర్ల పెట్టుకొని ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పో, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ మచ్చ పోయిందా, అట్లనే ఉందా తెలుస్తది.