గొడవ గిటార్ మీద కాదు, మాట వినబడకపోవడం మీద

"బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే జనం అంత గొడవ ఎందుకు చేశారు? ఫోక్ రాక్, కంట్రీ రాక్ దానివల్లే పుట్టాయా?"

ఆ గొడవ జరిగింది అమెరికాలోని న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవంలో. కరెంటు గిటార్ అక్కడ కొత్తేమీ కాదండీ. 1965 జూలై 25న డిలన్ వేదికెక్కడానికి ముందురోజే పాల్ బటర్‌ఫీల్డ్ బ్యాండ్ అక్కడ ఎలక్ట్రిక్‌గా వాయించింది. డిలన్ ఆ బ్యాండ్‌లోంచే కొందరిని తీసుకుని, ఒక్క రాత్రి రిహార్సల్‌తో వచ్చేశాడు. మొదటి పాటలోనే తాళం తప్పింది. ఆ బ్యాండ్‌లోని మైక్ బ్లూమ్‌ఫీల్డ్ వాయించిన గిటార్ డిలన్ గొంతుని మింగేసింది. పైగా మూడే పాటలు పాడి దిగిపోయాడు. అరుపుల్లో ఇవన్నీ కలిసే ఉన్నాయి. పెద్ద ఫోక్ గాయకుడు పీట్ సీగర్ గొడ్డలితో కేబుల్ నరకబోయాడని కథలు చెబుతారు గానీ, మాటలు వినబడటం లేదన్నదే తన బాధని ఆయనే తర్వాత చెప్పాడు. ఫోక్ శ్రోతకి పాటంటే సాహిత్యమే మరి.

ఫోక్ రాక్ అప్పటికే పుట్టేసింది. డిలన్ రాసిన 'మిస్టర్ టాంబరిన్ మాన్'ని బర్డ్స్ అనే బ్యాండ్ వాళ్లు ఆ ఏడాది జనవరిలోనే రికార్డు చేశారు, జూన్‌కల్లా అది అమెరికాలో నంబర్ వన్. డిలన్ దాన్ని ఐదు నిమిషాలకు పైగా పాడితే, వీళ్లు నాలుగు చరణాల్లో ఒక్కటే ఉంచి రెండున్నర నిమిషాల లోపే ముగించారు. బర్డ్స్‌లో రోజర్ మెక్‌గ్విన్ వాయించింది పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ ఎలక్ట్రిక్ గిటార్. అందులో తీగలు జంటలుగా ఉంటాయి, కింది నాలుగు జంటల్లో ఒక్కో తీగ ఒక స్థాయి పైన మోగుతుంది. ఆ శబ్దాన్ని హెచ్చుతగ్గులు సర్దే కంప్రెసర్ గుండా పంపితే మీటిన దెబ్బ తగ్గి, స్వరం నిలబడుతుంది. గిటార్ గొంతు చుట్టూ గలగలలాడింది తప్ప దాన్ని తొక్కలేదు. న్యూపోర్ట్‌లో కుదరనిది ఇదే. అన్నట్టు, ఆ రికార్డులో బ్యాండ్ సభ్యుల్లో వాయించింది మెక్‌గ్విన్ ఒక్కడే. మిగతా వాద్యాలన్నీ స్టూడియో కళాకారులవి. బ్యాండ్ పేరు చూసి మురిసిపోయేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

కంట్రీ రాక్‌కి వచ్చేసరికి కథ తిరగబడింది. 1968 మార్చిలో అదే బర్డ్స్, గ్రామ్ పార్సన్స్‌ని చేర్చుకుని, నాష్‌విల్‌లో కంట్రీ సంగీతానికి పెద్ద వేదికైన రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీకి వెళ్లారు. కంట్రీ పాటల్లో స్వరాన్ని జార్చే పెడల్ స్టీల్ గిటార్ మీద లాయిడ్ గ్రీన్, పాటలు అచ్చమైన కంట్రీవి. ఇక్కడ కరెంటు మీద ఎవరికీ పేచీ లేదు, వీళ్ల జుట్టు మీదే. జనం వెక్కిరించారు. దానికి తోడు ప్రకటించిన కంట్రీ గాయకుడు మెర్ల్ హాగర్డ్ పాట వదిలేసి పార్సన్స్ తన సొంత పాట అందుకోవడంతో నిర్వాహకులు మండిపడ్డారు. ఆ ఏడాది వచ్చిన ఆల్బం 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' బిల్‌బోర్డ్‌లో 77 దగ్గరే ఆగిపోయింది. కంట్రీవాళ్లకి వీళ్లు హిప్పీలు, రాక్‌వాళ్లకి పల్లెటూరివాళ్లు.

పార్సన్స్, బర్డ్స్‌లోని క్రిస్ హిల్మన్ బయటికొచ్చి ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ అనే బ్యాండ్ పెట్టారు. అందులో స్నీకీ పీట్ క్లైనో ఏకంగా పెడల్ స్టీల్‌నే శబ్దాన్ని బొంగురు చేసే ఫజ్ బాక్స్‌కి తగిలించి, రాక్ గిటార్‌లా గరగరలాడించాడు. 1969లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం వినండి, తేడా తెలుస్తుంది.