స్టోర్ క్లర్క్‌కి ఇద్దరు బాసులా?

"అన్నా, పర్లాకిమిడిలో మా జీడిపప్పు యూనిట్‌లో 14 ఉద్యోగాలకు విధుల పత్రాలున్నాయి. స్టోర్ క్లర్క్ ప్లాంట్ మేనేజర్‌కి రిపోర్ట్ చేయాలని ఒకదానిలో, అకౌంట్స్ ఆఫీసర్ అతన్ని పర్యవేక్షిస్తారని ఇంకోదానిలో ఉంది. వీటిని చూసి ఎవరు ఎవరి కింద పనిచేస్తారో చూపే పటం వేస్తున్నాను. స్టోర్ క్లర్క్ నుంచి గీత ఎటు గీయాలి?"

తమ్ముడూ, సెలవు ఎవరు మంజూరు చేస్తారో, ఏడాది చివర పనితీరు ఎవరు అంచనా వేస్తారో వెతుకు. ఆ రెండూ ప్లాంట్ మేనేజర్‌వైతే, అసలు పైఅధికారిని చూపే నిండు గీత అటే. ఆఫీసర్ స్టాకు లెక్కలు మాత్రమే సరిచూస్తుంటే చుక్కల గీత చాలు. "సమన్వయం చేసుకోవాలి" అన్న మాటకు గీతే వద్దు, చాలామంది తప్పేది అక్కడే. పత్రాల్లో సెలవు మాటే లేకపోతే ఊహించి గీయకు, ఇద్దర్నీ అడిగి రాయించుకో.

చివర్లో లెక్కపెట్టు. పైన ఒక్కరే ఉంటారు కాబట్టి నిండు గీతలు 13 రావాలి. 12 వస్తే ఒకరికి పైఅధికారి దొరకలేదన్నమాట. అప్పుడు "గోదాం ఇన్‌చార్జ్", "స్టోర్ ఇన్‌చార్జ్" అని ఒకే పదవికి రెండు పేర్లు పడ్డాయేమో చూడు.