రావలసిన యూరోలకు ఫార్వర్డా, ఆప్షనా?

ప్రశ్న: మా సంస్థ లెక్కలన్నీ డాలర్లలో ఉంటాయి. ఒక కొనుగోలుదారు నుంచి 90 రోజుల్లో 10 లక్షల యూరోలు రావాలి. అందులో 7 లక్షలకు సరుకు చేరింది, ఇన్వాయిస్‌ను ఒప్పుకున్నారు. మిగతా 3 లక్షలు యంత్రం పరీక్షలో నెగ్గితేనే ఇస్తారు. బ్యాంకు మొత్తానికీ, ఇప్పుడే ధర ఖాయం చేసుకుని ఆ రోజున అమ్మే ఫార్వర్డ్ తీసుకోమంటోంది. మా డైరెక్టరు మాత్రం, అమ్మే హక్కు మాత్రమే ఇచ్చే ఆప్షన్ మేలంటున్నారు. ఏది తీసుకోవాలి?

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. 7 లక్షలు, 3 లక్షలు ఒకే రకమైన బాకీ కావు. వాటికి ఒకే మందు వేయకండి.

లెక్క కోసం కొన్ని ధరలు అనుకుందాం. ఈరోజు యూరో 1.1000 డాలర్లు. 90 రోజులకు డాలర్‌పై వడ్డీ 1 శాతం, యూరోపై అర శాతం. అప్పుడు ఫార్వర్డ్ ధర సుమారు 1.1055 అవుతుంది. యూరో పెరుగుతుందని బ్యాంకు జోస్యం చెప్పడం లేదు. ఈ తేడా రెండు వడ్డీల మధ్య ఉన్న తేడా మాత్రమే. అదే 1.1055 ధరకు అమ్మే హక్కునిచ్చే పుట్ ఆప్షన్‌కు యూరోకు 0.0175 డాలర్ల ప్రీమియం అడిగారనుకోండి. ప్రీమియం ఈరోజే కట్టాలి కాబట్టి, దాని మీద పోయే వడ్డీ కూడా కలిపితే 0.0177 దగ్గర తేలుతుంది.

మొత్తం 10 లక్షలకూ ఫార్వర్డ్ తీసుకుంటే, యూరో ఎటు పోయినా మీకు 11,05,500 డాలర్లు వస్తాయి. పుట్ తీసుకుంటే యూరో 1.05కు పడినా సుమారు 10,87,800 డాలర్లు దక్కుతాయి. 1.16కు ఎగబాకితే హక్కును వదిలేసి బజారు ధరకు అమ్ముకుంటారు, ప్రీమియం పోగా 11,42,300 మిగులుతాయి. యూరో 1.1232 దాటితేనే పుట్ ఫార్వర్డ్ కంటే లాభం. కచ్చితంగా రావలసిన డబ్బు విషయంలో ఆ ఆశకు యూరోకు దాదాపు రెండు సెంట్లు కట్టడం నాకు సబబుగా కనిపించదు. ఆ 7 లక్షలకు ఫార్వర్డ్ తీసుకోండి. బ్యాంకు మాట అక్కడివరకు సరైనదే.

ఇక 3 లక్షల సంగతి. ఫార్వర్డ్ హక్కు కాదు, బాధ్యత. పరీక్షలో యంత్రం నెగ్గక యూరోలు రాకపోయినా, ఆ రోజున బ్యాంకుకు 3 లక్షల యూరోలు మీరు అప్పగించవలసిందే. యూరో అప్పటికి 1.16 ఉంటే, 1.16కు కొని 1.1055కు ఇవ్వాలి. యూరోకు 0.0545 చొప్పున 16,350 డాలర్ల నష్టం. అమ్మకం ఆదాయమూ రాలేదు, పైగా ఈ నష్టం. యూరో పడిపోయి ఉంటే లాభమే వచ్చేది, కానీ అది పూర్తిగా అదృష్టం. అప్పుడు మీరు చేసింది రక్షణ కాదు, పందెం.

అదే 3 లక్షలకు పుట్ తీసుకుంటే, బాకీ రాకపోతే పోయేది ప్రీమియం 5,250 డాలర్లు, దాని వడ్డీ. అంతకు మించి ఒక్క సెంటు కూడా పోదు. మీ డైరెక్టరు చెప్పిన కారణం వేరేదై ఉండవచ్చు, కానీ ఈ భాగానికి ఆయన సలహానే నిలుస్తుంది.

ఇలా విడదీస్తే, రెండూ సవ్యంగా వసూలైనప్పుడు కనీస రాబడి సుమారు 11,00,200 డాలర్లు. అంటే మొత్తం ఫార్వర్డ్‌తో పోలిస్తే 5,300 తక్కువ. పరీక్ష విఫలమైనా అప్పుల్లో పడకుండా ఉండటానికి మీరు కట్టే రుసుము అది.

ప్రీమియం లేకుండా రక్షణ ఇస్తామని ఎవరైనా "జీరో కాస్ట్ కాలర్" చూపిస్తే ఆగి ఆలోచించండి. అందులో మీరు కొన్న పుట్‌కు ఖర్చు భర్తీ చేయడానికి పై ధరకు కాల్, అంటే మీ నుంచి యూరోలు కొనే హక్కు, బ్యాంకుకు అమ్ముతారు. అమ్మిన కాల్ మళ్లీ బాధ్యతే. అనిశ్చితమైన 3 లక్షలకు అది ఫార్వర్డ్ ప్రమాదాన్ని దొడ్డిదారిన తిరిగి తెస్తుంది.

ఆలస్యం గురించీ చెప్పాలి. 7 లక్షల ఇన్వాయిస్ గడువుకు రాకపోతే ఫార్వర్డ్‌ను పొడిగించాలి. పాత ఒప్పందం తీరడానికి ఆరోజు ధరకు యూరోలు కొని, అన్నే యూరోలను కొత్త తేదీకి మళ్లీ అమ్ముతారు. యూరో 1.16 ఉంటే 38,150 డాలర్లు ఆ రోజే చెల్లించాలి, అవి డబ్బు వచ్చాకే చాలావరకు తిరిగొస్తాయి. అంత నగదు చేతిలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పుట్‌కు మాత్రం గడువును పరీక్ష ఫలితానికి రెండు మూడు వారాలు అవతలకు పెట్టండి, ప్రీమియం కాస్త పెరిగినా సరే. పరీక్ష ముందే నెగ్గితే పుట్‌ను అప్పటి ధరకు అమ్మేసి, ఆ 3 లక్షలకూ ఫార్వర్డ్ తీసుకోవచ్చు.