పేరు, ఎత్తు, ఉద్యోగం, చదువు: నాలుగు గడులు, ఒక్క మనిషి

చిన్నా,

డేటింగ్ యాప్‌లో ప్రొఫైల్ చిత్తుప్రతి పంపావు కదా, చూశాను. ఫొటోల జోలికి ఇప్పుడు పోను, అవి బాగానే ఉన్నాయి. తేడా వచ్చిందల్లా ఫొటోల కింద ఉన్న నాలుగు గడుల్లోనే. పేరు "Kiran_Rocks97". ఎత్తు 5.7. ఉద్యోగం "టెక్నాలజీ కన్సల్టెంట్". చదువు పీజీ. విడివిడిగా చూస్తే ఏదీ ఘోరమైన అబద్ధం కాదు. కానీ చూసేవాళ్లు వీటిని విడివిడిగా చూడరు. నాలుగింటినీ కలిపి చదివి, వయసు పక్కన పెట్టి, ఫొటోతో పోల్చి, మనిషెవరో ఊహించుకుంటారు. ఒక్కటి పొసగకపోతే మిగతా మూడింటినీ అనుమానంగానే చూస్తారు.

ముందు పేరు. చాలా యాప్‌లలో ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన పేరును తర్వాత మార్చడం తేలిక కాదు. కొన్నిటిలో సహాయ విభాగానికి రాయాలి, కొన్నిటిలో ఖాతా తీసేసి కొత్తది తెరవాలి. అందుకే తొందరపడి టైపు చేయకు. అక్కడ ఉండాల్సింది ఎదుటివాళ్లు నిన్ను పిలవగలిగే పేరు. "కిరణ్" చాలు. అండర్‌స్కోరు, అంకెలు, బిరుదులు ఉంటే యూజర్ నేమ్‌లా కనిపిస్తుంది. పైగా మోసపు ఖాతాల పేర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి, చూసేవాళ్లు నిన్నూ ఆ గుంపులోనే కలిపేస్తారు. ఆ 97 నీ పుట్టిన సంవత్సరం. వయసు ఎలాగూ యాప్ చూపిస్తుంది, సంవత్సరాన్ని పేరులో మోయడం దేనికి? ఇంకో సంగతి, ఇదే యూజర్ నేమ్ నీకు వేరేచోట్ల కూడా ఉంటే, దాన్ని వెతుకుపెట్టెలో వేసినవాళ్లకి నీ పాత పోస్టులన్నీ దొరుకుతాయి. డేటింగ్ ప్రొఫైల్‌లో వాడే పేరు మరెక్కడా యూజర్ నేమ్‌గా ఉండకూడదు.

ఇంటిపేరు పెట్టకు. పేరు, ఇంటిపేరు, పనిచేసే సంస్థ కలిశాయంటే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా పది నిమిషాల్లో నీ ఆఫీసు గుమ్మం దాకా రాగలరు. అసలు పేరు కూడా వద్దనుకుంటే స్నేహితులు నిజంగా పిలిచే ముద్దుపేరు పెట్టుకో. కొత్తగా కల్పించింది మాత్రం వద్దు. నాలుగు రోజులు మాట్లాడాక ఫోన్ నంబరు ఇస్తావు, వాళ్ల మెసేజింగ్ యాప్‌లో నీ అసలు పేరు కనిపిస్తుంది. ఇక్కడ "ఆర్యన్", అక్కడ "కిరణ్ కుమార్" అయితే ఆ క్షణంలో ఎంత వివరించినా లాభం లేదు. స్పెల్లింగ్ కూడా రెండుచోట్లా ఒకటే ఉండాలి. ముద్దుపేరు వాడితే, నంబరు ఇచ్చేముందే "నా పూర్తి పేరు ఇది" అని ఒక్క ముక్క చెప్పెయ్.

ఇక ఎత్తు. ఇక్కడ ఒక తప్పు తెలియకుండానే చేశావు. 5.7 అని రాస్తే నీ ఉద్దేశం 5 అడుగుల 7 అంగుళాలు. లెక్కప్రకారం 5.7 అడుగులంటే 5 అడుగుల 8.4 అంగుళాలు, అంటే దాదాపు 173.7 సెంటీమీటర్లు. అడుగుకి 12 అంగుళాలు కదా, చుక్క పెట్టి రాస్తే ఆ లెక్కే పోతుంది. 5.10 అని రాసేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం, దాన్ని 5.1 అని చదివేవాళ్లూ ఉంటారు. గడిలో యాప్ ఇచ్చిన జాబితా నుంచే ఎంచుకో. పరిచయ వాక్యాల్లో మళ్లీ ఎత్తు రాయాలనిపిస్తే 5'6" అనో, సెంటీమీటర్లలోనో రాయి.

అవును, 5'6" అనే అన్నాను. నువ్వు పంపిన కొలత 168.5 సెంటీమీటర్లు. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు కాబట్టి 66.3 అంగుళాలు, అంటే 5 అడుగుల 6.3 అంగుళాలు. దగ్గరి అంకె 6, 7 కాదు. అర అంగుళం దాటితే పై అంకె వేసుకో, దాటకపోతే కింది అంకె. ఒక చిక్కు ఉంది. అంగుళాల్లో 5'6" ఎంచుకుంటే కొన్ని యాప్‌లు సెంటీమీటర్లలో చూసేవాళ్లకి 168 అని చూపిస్తాయి, ఎందుకంటే 5'6" అంటే 167.64. నువ్వు ఇంకోచోట 169 అని రాసి ఉంటే రెండూ పొసగవు. అన్నిచోట్లా 168 అనుకుంటే ఆ గొడవే ఉండదు.

ఆ 168.5 ఎలా కొలిచావో రాయలేదు. బూట్లతో కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే కలుస్తాయి. మళ్లీ కొలువు. తివాచీ లేని గట్టి నేల మీద, చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి నిలబడు. గడ్డం పైకెత్తకుండా నేరుగా ముందుకి చూడు. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని ఒక అంచు గోడకి పూర్తిగా తగిలేలా ఆనించి, నెత్తి మీదకి దించమని ఎవరినైనా అడుగు. పుస్తకం అడుగు అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టించి, నేల నుంచి ఆ గీత దాకా ఇనుప టేపుతో కొలువు. ఒక్కడివే తల మీద పుస్తకం పెట్టుకుంటే అది వాలుతుంది, ఒక సెంటీమీటరు దాకా తేడా వస్తుంది. మూడుసార్లు కొలిచి మధ్యలో వచ్చిన అంకె తీసుకో. ఉదయం లేవగానే కొలిచిన ఎత్తు సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. పగలంతా నిలబడి, కూర్చుని ఉంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు కాస్త నొక్కుకుంటాయి. ఎవరినైనా కలిసేది సాధారణంగా సాయంత్రమే కాబట్టి మధ్యాహ్నం దాటాక కొలిచిన అంకే వేసుకో.

"ఒక్క అంగుళమే కదా, అందరూ పెంచుతారు" అని నువ్వన్నావు. నిజమే, పెంచుతారు. 2008లో టోమా, హాన్‌కాక్, ఎలిసన్ అనే పరిశోధకులు న్యూయార్క్‌లో 80 మంది ప్రొఫైళ్లు తీసుకుని, వాళ్ల ఎత్తు, బరువు స్వయంగా కొలిచి, వయసును లైసెన్సుతో సరిచూశారు. 81 శాతం మంది ఆ మూడింటిలో కనీసం ఒకదానిలో తేడా చెప్పినవాళ్లే, అయితే ఆ తేడాలు ఎక్కువగా చిన్నవే. ఆ 'అందరూ' ఏం చేస్తారో చదివేవాళ్లకీ తెలుసు. వాళ్లు మనసులోనే ఒక అంగుళం కోసుకుని చదువుతారు. నీ మూడో ఫొటోలో మిత్రుడి పక్కన నిలబడ్డావు, అతని ఎత్తు అతని ప్రొఫైల్‌లో ఉంటే సరిచూసుకోవడం ఎంతసేపు? అంతగా ఇబ్బందిగా ఉంటే ఎత్తు గడి ఖాళీగా వదిలెయ్. కొందరి వడపోతలో నువ్వు కనిపించకపోవచ్చు, ఆ నష్టం ఉంది. అయినా గీత మీద గీత చేర్చి కలిసిన రోజు దొరికిపోవడం కన్నా అదే నయం.

చదువు దగ్గర మాటల బోల్తా ఒకటి ఉంది. యాప్‌లలో చాలావరకు అమెరికా పద్ధతి పేర్లు. అక్కడ "Undergraduate degree" అంటే మనం డిగ్రీ అనేది. "Graduate degree" అంటే పీజీ. డిగ్రీ చదివినవాళ్లు "నేను గ్రాడ్యుయేట్‌నే కదా" అని రెండోది నొక్కేస్తారు, తెలియకుండానే ఒక మెట్టు పైకెక్కేస్తారు. తర్వాత పరిచయంలో డిగ్రీ అని రాస్తే ఏది నిజమో చదివేవాళ్లకి అర్థం కాదు.

నీ విషయంలో అది పొరపాటు కాదు. పీజీలో చేరి ఏడాది చదివి ఆపేశావు, అయినా పీజీ అని పెట్టావు. ఆ గడి అడిగేది పూర్తి చేసిన చదువును. కాబట్టి "Undergraduate degree" ఎంచుకో. "ఇప్పుడు చదువుతున్నాను" అనే ఎంపిక కూడా నీకు పనికిరాదు, ఆపేసి ఆరేళ్లయింది. ఆపేసిన సంగతి గడిలో రాయక్కర్లేదు, మాటల్లో వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు. కాలేజీ పేరు, పాసైన సంవత్సరం వద్దు, అవి కూడా ఇంటిపేరులాగే నిన్ను వెతికిపెట్టే ఆనవాళ్లు. చదివిన సబ్జెక్టు రాస్తే చాలు.

ఉద్యోగం గడిలో చేసే పని రాయాలి, కొత్త హోదా కట్టుకోకూడదు. "కన్సల్టెంట్", "ఎంటర్‌ప్రెన్యూర్" లాంటి మాటలు చదివితే ఏం చేస్తావో తెలియదు. తెలియని చోట మనుషులు మంచిదే ఊహిస్తారనుకోకు. నువ్వు ప్రయోగశాల యంత్రాలు బాగుచేసే సర్వీస్ ఇంజనీరువి. "సర్వీస్ ఇంజనీర్, ల్యాబ్ పరికరాలు" అని రాయి. పని, రంగం, అంతే. సంస్థ పేరు గడి ఖాళీగా ఉంచు. నిజానికి ఇది "టెక్నాలజీ కన్సల్టెంట్" కన్నా ఆసక్తికరం, ఏ యంత్రాలు, ఎక్కడికి వెళ్తావు అని అడగడానికి దారి ఇస్తుంది.

చివరికి వయసుతో కూడిక వేసుకోవాలి. నీకు 28. డిగ్రీ 21కి, పీజీలో ఏడాది, ఉద్యోగం 23కి, అంటే అయిదేళ్ల అనుభవం. పరిచయంలో నువ్వు రాసిన "ఎనిమిదేళ్లుగా ఈ రంగంలో" అన్న మాట ప్రకారం నువ్వు 20 ఏళ్లకే, డిగ్రీ మధ్యలోనే ఉద్యోగంలో చేరి ఉండాలి. అది కొట్టెయ్. ఇంకోటి, "సాయంత్రాలు ఎప్పుడూ ఖాళీనే" అని రాశావు. మరమ్మతులకి ఊళ్లు తిరిగే సర్వీస్ ఇంజనీరుకి అది ఎలా కుదురుతుంది? "వారాంతాల్లో ఖాళీ" అంటే నమ్ముతారు, నిజం కూడా అదే.

ఫొటో ధ్రువీకరణ చేయించుకో, నీలిరంగు గుర్తో ఇంకోటో వస్తుంది. కానీ అది సరిచూసేది నీ మొహం ఫొటోలతో కలుస్తుందా అన్నది మాత్రమే. ఎత్తు, ఉద్యోగం, చదువు ఆ గుర్తు వల్ల నిజమైపోవు.

అన్నీ దిద్దాక ప్రొఫైల్ ఇలా ఉంటుంది: కిరణ్, 28. 5'6". సర్వీస్ ఇంజనీర్, ల్యాబ్ పరికరాలు. డిగ్రీ. దీన్ని స్క్రీన్‌షాట్ తీసి, నిన్ను బాగా ఎరిగిన ఒకరికి పంపి, "ఇందులో నేను కానిది ఏముంది?" అని అడుగు. "బాగుందా" అని మాత్రం అడగకు, బాగుందనే అంటారు. ఉద్యోగం మారినా, యాప్ మారినా అదే రోజు అన్నిచోట్లా దిద్దు. రెండు యాప్‌లలో ఒకే మనిషిని చూసేవాళ్లు చాలామందే ఉంటారు.

కొత్త కొలత వచ్చాక అంకె రాయి.

బాబాయి