గీత ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నౌపడ–గుణుపూర్ రైలు గురించి మీ కాలేజీ సంచికకు నువ్వు రాసిన ఇంగ్లీషు వ్యాసం చదివాను. విషయం బాగుంది. హైఫన్లు మాత్రం ఉండవలసిన చోట లేవు, అక్కర్లేని చోట ఉన్నాయి. నువ్వు కంప్యూటర్లో ‘నారో గేజ్’, ‘బ్రాడ్ గేజ్’ కనిపించిన ప్రతిచోటా ఒకేసారి గీత పెట్టించి ఉంటావని నా అనుమానం. ‘నారో-గేజ్ లైన్’ అన్నప్పుడు అది సరే. కానీ ‘2004లో నారో గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కు మార్చడానికి లైను మూసేశారు’ అనే అర్థంలో రాసిన వాక్యంలోనూ ఆ రెండింటికీ గీతలు పడ్డాయి. అక్కడ గేజ్ అన్నది నామవాచకం, నారో దానికి విశేషణం. వాటి వెనక ఇంకో నామవాచకం లేదు, కాబట్టి గీతతో పని లేదు.

మనం తెలుగులో సమాసం కట్టేస్తే మాటలు అతుక్కునే ఉంటాయి. ఇంగ్లీషులో విడివిడిగా నిలబడతాయి. అందుకే రెండు మాటలు కలిసి ఒకే విశేషణంగా ఒక నామవాచకానికి ముందు వచ్చినప్పుడు, ఇవి జంట అని చెప్పడానికి గీత పెడతారు. ‘లాంగ్-టర్మ్ ప్లాన్’ చూడు. పొడవు ప్లానుది కాదు, కాలానిది. లాంగ్ వెళ్ళి టర్మ్‌ను పట్టుకోవాలి, రెండూ కలిసి ప్లాన్‌ను పట్టుకోవాలి. అదే ‘ఇన్ ది లాంగ్ టర్మ్’ అని రాస్తే గీత ఉండదు.

‘వెల్-నోన్ ఆథర్’ కూడా అంతే. ఆథర్ ముందుకు వచ్చేసి, ‘ది ఆథర్ ఈజ్ వెల్ నోన్’ అయితే గీత తీసెయ్. నిఘంటువు తెరిస్తే వెల్-నోన్‌కు గీత కనబడుతుంది, కంగారు పడకు. నామవాచకం తర్వాత వచ్చినప్పుడు దాన్ని విడదీసి రాయమనే ఇంగ్లీషు రచనా పద్ధతులు చెప్పే షికాగో మాన్యువల్ అనే పుస్తకం చెబుతుంది. నేనూ అదే పాటిస్తాను. మీ సంపాదకులు వేరే పద్ధతిలో ఉంటే వాళ్ళ మాట విను, కానీ వ్యాసమంతా ఒకే తీరులో ఉండాలి.

ఇప్పుడు నీ రెండో పేజీకి వద్దాం. నౌపడ నుంచి మన ఊరికి దాదాపు 25 మైళ్ళు. ఆ లైను గురించి నువ్వు ‘ట్వెంటీ ఫైవ్ మైల్స్ లైన్’ అని రాశావు. మనవాళ్ళందరూ చేసే పొరపాటే. లైన్ ముందు కొలత వచ్చినప్పుడు మైల్ ఏకవచనంలో ఉండాలి, అన్నీ గీతలతో కలవాలి: ‘ట్వెంటీ-ఫైవ్-మైల్ లైన్’. లైన్ ముందుకు వెళితే ‘ది లైన్ ఈజ్ ట్వెంటీ-ఫైవ్ మైల్స్ లాంగ్’ అవుతుంది. రెండో గీత పోయింది, బహువచనం వచ్చింది. మొదటి గీత మిగిలింది చూశావా? అది అంకెను అక్షరాల్లో రాసే పద్ధతిలో భాగం, విశేషణంతో దానికి సంబంధం లేదు.

‘బ్యూటిఫుల్లీ-బిల్ట్ స్టేషన్’లో గీత కొట్టేశాను. ‘లీ’తో ముగిసే క్రియావిశేషణం, తాను పక్క మాటకే చెందుతానని తన రూపంతోనే చెప్పేస్తుంది. అయితే చెవికి వినిపించిన ప్రతి ‘లీ’నీ నమ్మకు. ‘ఎర్లీ-మార్నింగ్ ట్రైన్’లో ఎర్లీ విశేషణం, ‘ఫ్యామిలీ-ఓన్డ్ హోటల్’లో ఫ్యామిలీ నామవాచకం. వాటికి గీత ఉండాలి. ‘వెరీ ఓల్డ్ ఇంజన్’లో మాత్రం వద్దు. వెరీ ఇంజన్‌కు అంటుకుంటుందని ఎవరూ పొరబడరు.

‘పర్లాకిమిడి లైట్ రైల్వే’లో లైట్‌కూ రైల్వేకూ మధ్య గీత ఎందుకు పెట్టావో నాకు అంతుపట్టలేదు. అది సంస్థ పేరు. పెద్దక్షరాలే దాన్ని కలిపి ఉంచుతాయి.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన వాక్యం ‘ఓల్డ్ రైల్వే ఎంప్లాయీస్’తో మాట్లాడానన్నది. ముసలివాళ్ళైన రైల్వే ఉద్యోగులా, పాత రైల్వేలో పనిచేసినవాళ్ళా? రెండో అర్థమే కావాలంటే ‘ఓల్డ్-రైల్వే ఎంప్లాయీస్’ అని రాయవచ్చు. వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ చదివేవాడు ఒక క్షణం తడబడతాడు, కొందరు గీతను గమనించనే గమనించరు. అర్థమంతా ఒక్క గీత మీద వేలాడుతుంటే వాక్యాన్నే మార్చడం మేలు. ‘ఫార్మర్ ఎంప్లాయీస్ ఆఫ్ ది నారో-గేజ్ లైన్’ అని రాయి. నాలుగు మాటలు ఎక్కువైనా సందేహం ఉండదు.

ఎర్ర సిరాతో దిద్దిన ప్రతి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మూడో పేజీని కావాలనే ముట్టుకోలేదు. అందులో ఆరు చోట్ల నువ్వే తేల్చుకోవాలి. ప్రతి గీత దగ్గరా ఆగి, దాని వెనక నామవాచకం ఉందో లేదో ముందు చూసుకో. అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి నాకు పంపించు.

నీ మామయ్య