ఎఫ్‌ఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంది, మరి ఎస్ట్రడయాల్ సంగతేంటి?

"పీరియడ్ మూడో రోజు చేయించిన రక్తపరీక్షలో ఎఫ్‌ఎస్‌హెచ్ 7.4, ఎల్‌హెచ్ 4.1, ఎస్ట్రడయాల్ 96 వచ్చాయి. నా వయసు 36. అన్నీ ల్యాబ్ రేంజ్‌లోనే ఉన్నాయి. అయినా డాక్టర్ వచ్చే నెల మళ్లీ చేయించమన్నారు. అన్నీ నార్మలే అయితే మళ్లీ ఎందుకు?"

మీ డాక్టర్ ఆగింది ఎస్ట్రడయాల్, అంటే అండాశయం తయారుచేసే హార్మోన్ దగ్గరే అనుకుంటున్నానండి. నా మొదటి రిపోర్ట్ కూడా దాదాపు ఇలాగే ఉండేది, అందుకే రాస్తున్నా.

ముందు రిపోర్ట్‌లో ఆ 96 పక్కన ఏ యూనిట్ ఉందో చూడండి. మిల్లీలీటరుకు పికోగ్రాములైతే, మూడో రోజుకు అది ఎక్కువే. లీటరుకు పికోమోల్స్ అయితే మాత్రం దాన్ని 3.67తో భాగించాలి. అప్పుడు 26 పికోగ్రాములే అవుతుంది, అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. కింద నేను చెప్పేదంతా పికోగ్రాముల లెక్కలోనే.

ల్యాబ్ రేంజ్‌లో ఉంది కదా అంటారా? ఆ రేంజ్ మూడో రోజు కోసం వేసింది కాదు. పీరియడ్ మొదలైన దగ్గర్నుంచి అండం విడుదలయ్యే ముందు వరకు ఉన్న రోజులన్నిటికీ కలిపి ఇచ్చేది. ఆ రోజుల్లో ఎస్ట్రడయాల్ పెరుగుతూ పోతుంది కాబట్టి పై హద్దు ఎక్కడో ఉంటుంది. 96 ఏ తొమ్మిదో రోజో వస్తే ఎవరూ పట్టించుకోరు. మూడో రోజు మాత్రం అండాశయాలు ఇంకా నెమ్మదిగా ఉండాలి. అందుకే ఎస్ట్రడయాల్ 60 నుంచి 80 దాటితే ఆ రోజు వచ్చిన ఎఫ్‌ఎస్‌హెచ్ అంకెను డాక్టర్లు నమ్మరు.

దానికి కారణం ఇది. ఎఫ్‌ఎస్‌హెచ్ మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. అండాశయంలో చిన్న ఫాలికిల్స్, అంటే అండాలు పెరిగే సంచులు, తగినన్ని ఉంటే అవి ఇన్హిబిన్ బి అనే హార్మోన్ వదిలి దాన్ని అదుపులో పెడతాయి. ఫాలికిల్స్ తగ్గేకొద్దీ ఆ అదుపు సడలుతుంది. పిలిస్తే పలకనివాళ్లను గొంతు పెంచి పిలిచినట్టు, పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పెంచుతుంది. మామూలుగా మూడో రోజు 10 లోపు ఉంటే బాగున్నట్టు లెక్క. 10 దాటేకొద్దీ అండాల నిల్వ తగ్గిందన్న అనుమానం పెరుగుతుంది. అయితే పెరిగిన ఎఫ్‌ఎస్‌హెచ్ ముందు నెల చివర్లోనే ఒక ఫాలికిల్‌ను పెంచడం మొదలుపెట్టేయవచ్చు. మూడో రోజుకల్లా ఆ ఫాలికిల్ ఎస్ట్రడయాల్‌ను తయారుచేస్తూ ఉంటుంది. ఆ ఎస్ట్రడయాల్ వెళ్లి పిట్యూటరీని అణచేస్తుంది. దాంతో ఎఫ్‌ఎస్‌హెచ్ 13 ఉండాల్సిన చోట 7 కనబడుతుంది. రిపోర్ట్ నార్మల్ అంటుంది, లోపల సంగతి వేరు.

నా విషయంలో అచ్చం ఇదే జరిగింది. మొదటిసారి ఎఫ్‌ఎస్‌హెచ్ 6.9, ఎస్ట్రడయాల్ 104. అదే రోజు చేసిన స్కాన్‌లో ఎడమ వైపు 14 మిల్లీమీటర్ల ఫాలికిల్ కనిపించింది. మూడో రోజు అంత పెద్దది ఉండకూడదు. స్క్రీన్ మీద దాన్ని కొలుస్తూనే డాక్టర్ "పీరియడ్స్ ఈమధ్య ముందుగా వస్తున్నాయా?" అని అడిగారు. నిజమే, ఒకప్పుడు 28 రోజులకు వచ్చేవి 24, 25 రోజులకే వస్తున్నాయి. నాకు అది పెద్ద విషయంగా అనిపించలేదు, ఆవిడకు మాత్రం అదే ముఖ్యమైన ఆనవాలు. తర్వాతి నెల మళ్లీ చేయిస్తే ఎస్ట్రడయాల్ 41కి దిగింది, ఎఫ్‌ఎస్‌హెచ్ 13.1 వచ్చింది. చిన్న ఫాలికిల్స్ వదిలే ఏఎంహెచ్ అనే హార్మోన్ 0.7, స్కాన్‌లో రెండు వైపులా కలిపి ఐదు చిన్న ఫాలికిల్స్. మూడూ ఒకే మాట చెప్పాయి, అండాల నిల్వ తగ్గిందని. దాంతో మాత్రలతో నెలలు గడపకుండా, ఐవీఎఫ్‌లో తక్కువ అండాలే వస్తాయన్న అంచనాతో ప్లాన్ చేశారు.

అయితే మీకూ అదే అని నేను అనను. ఎస్ట్రడయాల్ పెరగడానికి వేరే కారణాలూ ఉంటాయి. ముందు నెల నుంచి మిగిలిపోయిన చిన్న సిస్ట్ ఒక్కటి చాలు, అది స్కాన్‌లో తెలిసిపోతుంది. రోజుల లెక్క తప్పినా అంతే. స్పాటింగ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు, బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజే మొదటి రోజు. రెండు నుంచి నాలుగో రోజు లోపు ఎప్పుడు రక్తం ఇచ్చినా ఫర్వాలేదు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మాత్రం ఈ అంకెలకు అర్థం ఉండదు.

ఇంకొకటి, చాలామందికి ఎవరూ చెప్పనిది: జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు. కొన్ని ల్యాబ్ మెషీన్లలో పరీక్ష జరిగే పద్ధతే బయోటిన్ మీద ఆధారపడి ఉంటుంది. రక్తంలో అది ఎక్కువగా ఉంటే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఎస్ట్రడయాల్ ఎక్కువగా చూపిస్తుంది. మీ రిపోర్ట్‌లో అంకెల తీరు కూడా అదే కదా! మీరు వాడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. సాధారణంగా పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపమంటారు, డోసు ఎక్కువైతే ఇంకా ముందే.

ఎల్‌హెచ్ గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ కంటే కాస్త తక్కువగానో దాదాపు సమానంగానో ఉండటం మామూలే. రెండు మూడు రెట్లు ఎక్కువైతే పీసీఓఎస్ గుర్తొస్తుంది, కానీ ఆ నిష్పత్తిని మాత్రమే చూసి పీసీఓఎస్ అని తేల్చరు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రడయాల్ మూడూ బాగా తక్కువగా ఉండి పీరియడ్సే రాకపోతే, సమస్య అండాశయంలో కాక మెదడు వైపు ఉందేమో చూస్తారు.

ఈసారి వెళ్లినప్పుడు మూడు హార్మోన్లూ ఒకే శాంపిల్‌లో, వీలైతే మొన్నటి ల్యాబ్‌లోనే చేయించండి. అదే రోజు స్కాన్ కూడా అడగండి. ఏఎంహెచ్ ఏ రోజైనా ఇవ్వొచ్చు కాబట్టి అదీ కలిపేయండి.

ఒకవేళ ఎఫ్‌ఎస్‌హెచ్ నాలాగే పైకి వచ్చినా, అది చెప్పేది మందులిచ్చినప్పుడు అండాలు ఎన్ని రావచ్చన్న దాని గురించే. అండం నాణ్యత ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. నెలనెలా అండం విడుదలవుతున్నంత కాలం సహజంగా గర్భం వచ్చే దారి మూసుకుపోదు. కాకపోతే ఒక నెల 13 వచ్చి, మరో నెల 8 వచ్చిందని సంబరపడటానికీ లేదు. ఈ అంకె నెలనెలా ఊగుతుంది, ఒకసారి ఎక్కువ వచ్చిందంటే డాక్టర్లు దాన్ని లెక్కలో ఉంచుకుంటారు.

అలా కాకుండా ఎస్ట్రడయాల్ 40, 50కి దిగి, ఎఫ్‌ఎస్‌హెచ్ 7 దగ్గరే నిలిచి, స్కాన్‌లో చిన్న ఫాలికిల్స్ పదికి పైగా కనబడ్డాయనుకోండి. మొన్నటి 96 సిస్ట్ వల్లో, రోజుల లెక్క వల్లో వచ్చిందనుకోవచ్చు. అప్పుడు గర్భం రాకపోవడానికి కారణం కోసం ట్యూబులు, వీర్య పరీక్ష వైపు చూస్తారు.