ప్రమోషన్ సంగతి తర్వాత, ముందు నీ పేరు కమిటీ ముందుకెళ్ళిందో లేదో కనుక్కో

ఒరేయ్ సత్తిబాబూ,

నీ మెసేజ్ రాత్రి చదివాను. నీ కింద చేరిన ఇద్దరూ సూపరింటెండెంట్లు అయిపోయారు, లిస్టులో ఏడో నెంబరైన నువ్వు ఇంకా సీనియర్ అసిస్టెంటువే, రేపే అమరావతి పోయి హైకోర్టులో కేసేస్తా అంటున్నావు. ఆగరా బాబూ, కాస్త ఆగు.

నేను నీ వయసులో ఇలాగే ఎగిరాను. అప్పుడు మా ఆఫీసులో నన్ను దాటి జూనియర్ని పైకెక్కిస్తే ఆరు నెలలు అందరినీ తిట్టుకుంటూ తిరిగాను, ఆఫీసు గుమాస్తా ఒకాయన ఫైలు తిప్పి చూపిస్తే తెలిసింది, కమిటీ కూర్చున్న రోజుకి నాకు అకౌంట్స్ టెస్ట్ పాసైన కాగితం లేదు. అంతే. సీనియారిటీ ఎంతున్నా అర్హత లేకపోతే మన పేరు ముట్టుకోరు, దాంట్లో ఎవడి కుట్రా లేదు. కొబ్బరి చెట్టెక్కి తాటికాయలు రాలలేదని ఏడ్చినట్టు అయ్యింది నా పని.

కాబట్టి ఒకటి గట్టిగా పట్టుకో. ప్రమోషన్ ఇచ్చి తీరాలన్న హక్కు ఎవడికీ లేదు. కానీ అర్హత ఉండి, నీ వంతు వచ్చినప్పుడు నీ పేరు కమిటీ ముందు పెట్టి అందరిలాగే నిజాయితీగా చూడాలి, అది రాజ్యాంగం 16(1) ఇచ్చిన ప్రాథమిక హక్కే, 1999లో అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పేసింది. ఇది గవర్నమెంటు కొలువులకే సుమా, మీ తమ్ముడి ప్రైవేటు కంపెనీకి వర్తించదు. నీ పోరాటం "నాకెందుకివ్వలేదు" అని కాదు, "నన్నెలా చూశారు" అని.

దానికి ముందు ఆర్టీఐ పెట్టు. "నన్నెందుకు వదిలేశారు" అని రాశావంటే అది సమాచారం కాదని తిప్పి కొడతారు, అందుకే కాగితాలు అడుగు: ఫైనల్ సీనియారిటీ లిస్టు కాపీ, డీపీసీ అంటే ఆ ప్రమోషన్ కమిటీ, దాని మినిట్స్‌లో నీ పేరున్న పేజీ, ఆ రోజుకి ఆరోపణలు రాసి నీ మీద జారీ చేసిన ఛార్జ్ మెమో ఏదైనా ఉంటే దాని కాపీ. 30 రోజుల్లో ఇవ్వాలి. జూనియర్ల ఏసీఆర్‌లు, అంటే ఏటా పనితీరు మీద పై ఆఫీసరు రాసే రిపోర్టులు, అడక్కు, అవి పర్సనల్ అంటారు, కోర్టులూ అదే అన్నాయి. నీ ఏసీఆర్ మాత్రం అడుగు. నీకు ముందు చూపించకుండా తక్కువ గ్రేడు వేసి దాన్నే లెక్కలోకి తీసుకుంటే అది తప్పని 2008లో దేవ్‌దత్ కేసులో చెప్పారు.

ఇప్పుడు నీ సంగతికొద్దాం. నువ్వు చెప్పినదాంట్లో నాకు చటుక్కున తగిలింది ఆ పాత ఫైలు మాయమైన ఎంక్వయిరీ. ఎవరో వచ్చి స్టేట్‌మెంట్ రాసుకుని పోయారు, తర్వాత ఊసే లేదు కదా? మినిట్స్‌లో "ఎంక్వయిరీ పెండింగ్, డిఫర్డ్" అని ఉంటే నీ కేసు బలమైనదే. 1991 జానకీరామన్ కేసులో స్పష్టంగా చెప్పారు, ఛార్జ్ మెమో జారీ అయ్యాకే, లేదా క్రిమినల్ కేసులో ఛార్జ్‌షీట్ పడ్డాకే కమిటీ నిర్ణయాన్ని కవర్లో మూసిపెట్టే సీల్డ్ కవర్ అనేది, ప్రాథమిక విచారణ నడుస్తోందని ఆపకూడదు. అదే కమిటీకి ముందు ఛార్జ్ మెమో జారీ అయి ఉంటే మాత్రం ఆపడం తప్పు కాదు, ఆ విచారణ తేలేదాకా కూర్చోవాల్సిందే.

ఇంకో విషయం చూసుకో, పైకెళ్ళిన ఇద్దరిలో ఒకరు రిజర్వేషన్ రోస్టర్ పాయింటు మీద వెళ్ళి ఉండొచ్చు, అప్పుడు ఆయనతో పోల్చుకోకూడదు, మిగతా ఆయనతోనే పోల్చు. ఆ పోస్టు రూల్సు కూడా చదువు, కొన్ని పోస్టుల్లో మెరిట్ ముందు, ఇద్దరూ సమానంగా ఉంటేనే సీనియారిటీ.

కాగితాలు రాగానే రిప్రజెంటేషన్ ఒకటి, రెండు పేజీలు మించకుండా రాసి, ఎక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుని ఇవ్వు. నీ నెంబరు, జూనియర్ నెంబరు, కమిటీ తేదీ, మెమో లేదన్న మాట, అంతే. తిట్లు, కులం, ఆఫీసరు అల్లుడి కథ వద్దు. తర్వాత జవాబు కోసం ఏళ్ళకేళ్ళు కూర్చోకు, 1974లో సదాశివస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆరు నెలలు, మహా అయితే ఏడాదిలోపు కోర్టుకి రావాలంది, మళ్ళీ మళ్ళీ అర్జీలు పెడితే ఆ గడువు పెరగదు. ఇప్పుడు మన దగ్గర ట్రిబ్యునల్ లేదు, నేరుగా హైకోర్టులో రిట్టే. నీ కేసువల్ల నష్టపోయే జూనియర్‌ని కూడా పార్టీగా చేర్చు, చేర్చకపోతే ఆ ఒక్క మాట మీదే కొట్టేస్తారు. గెలిచినా కోర్టు చాలాసార్లు "మళ్ళీ చూడండి" అనే అంటుంది, కుర్చీ చేతికివ్వదు. జీతం బకాయిలు కూడా ప్రేయర్‌లో అడుగు, అడక్కపోతే డబ్బు లేకుండా కాగితం మీద మాత్రం నోషనల్ డేట్ ఇచ్చి ఊరుకుంటారు.

ఆదివారం రా, నీ సర్వీసు రిజిస్టరు జిరాక్సు, టెస్టులు పాసైన గెజిట్ కాపీ తీసుకురా, ముందు ఆ అకౌంట్స్ టెస్టు తేదీ చూద్దాం. మీ అత్త పులస దొరికితే వండుతానంది, గోదాట్లో ఎర్రనీళ్ళు వచ్చాయి కదా.

మీ మావయ్య